నెల తప్పి 17 రోజులు, కుడి పక్క నొప్పి, స్కాన్‌లో ఏమీ కనపడలేదన్నారు: రెండు వారాలు ఆగొచ్చా?

సోంపేట వదిన | శుక్రవారం రాత్రి 8.40

మా ఆడపడుచు గురించి అడుగుతున్నాను. 27 ఏళ్లు, కంచిలి దగ్గర పల్లె. నాలుగేళ్ల పాప ఉంది, మామూలు కాన్పే. ముట్టు ఎప్పుడూ 28, 29 రోజులకి తప్పకుండా వచ్చీసేది. ఇప్పుడు చివరిసారి వచ్చి 46 రోజులయింది. ఐదు రోజుల నుంచి కొంచెం కొంచెం కనపడుతోంది. ప్యాడ్ తడవదు, బట్టకి అంటుకుంటాది, డికాక్షన్ రంగు. మూడు రోజుల నుంచి కుడి పక్క పొత్తికడుపులో నొప్పి. ఎక్కడంటే వేలు పెట్టి ఒక్క చోటే చూపిస్తోంది.

కిట్‌లో రెండు గీతలొచ్చాయి, రెండోది పలచగా. నిన్న కడుపు మీంచి స్కాన్ తీశారు. "గర్భసంచి మామూలుగా ఉంది, లోపల ఇంకా ఏమీ కనపడలేదు, మరీ తొందరగా వచ్చారు, 14 రోజుల తర్వాత రండి" అన్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ ఇంజక్షన్ చేశారు, ఇప్పుడు నొప్పి కాస్త నయం. మా అత్తగారేమో కడుపు నిలబడేటప్పుడు ఇలాగే ఉంటాది, కదిలించకండి అంటున్నారు. ఆగొచ్చా, ఆగకూడదా?

బాహుదా ఒడ్డు | 8.52

కుడి పక్క అంటే రాయి అయ్యుంటాది అక్కా. మన ఉద్దానం నీళ్లు తెలుసు కదా. రాయి దిగేటప్పుడు మూత్రంలో రక్తం కూడా వస్తాది. ఉలవల నీళ్లు తాగించి చూడండి. లేదంటే అపెండిక్స్.

మందుల కొట్టు బాబాయ్ | 9.05

పలచ గీతని నమ్మొద్దమ్మా. కిట్ మీద రాసిన టైము దాటాక, అరగంటకో గంటకో చూస్తే తడి ఆరి ఉత్తి మరక కూడా గీతలాగే కనపడుతుంది. ఇంకోటి, గర్భసంచి పక్కనుండే ట్యూబులో గర్భమేమోనని ఎవరైనా భయపెడితే బెంగపడొద్దు. ట్యూబులో ఉంటే కిట్‌లో రాదు. నా మాటేంటంటే, ముట్టు వచ్చే మాత్ర ఐదు రోజులు వేసి ఆపితే వచ్చేస్తుంది, అంతే. మా కొట్టుకి నెలకి పదిమంది ఇదే పని మీద వస్తారు.

గైనిక్ గది | 9.31

సోంపేట వదిన గారూ, ఆగకూడదు. విజయనగరంలో స్త్రీల వైద్యం చేస్తుంటాను, అందుకని మొదట ఆ మాట చెప్పి తర్వాత కారణం చెబుతాను.

మీరు రాసినవి మూడూ కలిపి చూడండి. కిట్ పాజిటివ్. గర్భసంచి ఖాళీ. ఒక పక్కనే నొప్పి. ఆ అమ్మాయికి ముట్టు లెక్క తప్పదు అంటున్నారు కాబట్టి నిన్నటికి ఆరు వారాల మూడు రోజులు. ఆరు వారాలు దాటిన గర్భం గర్భసంచిలోనే ఉంటే, పైనుంచి తీసిన స్కాన్‌లో కూడా సాధారణంగా పిండం పెరిగే చిన్న నల్లటి తిత్తి కనపడాలి. లోపలి స్కాన్‌లో అయితే ఐదో వారానికే కనపడుతుంది. తేదీలు నిజమైతే "మరీ తొందర" అన్నమాట ఇక్కడ నిలవదు. గర్భం ఉంది, ఎక్కడ ఉందో ఇంకా దొరకలేదు. ఆ రిపోర్టుకి అసలు అర్థం అది. దొరికేదాకా ట్యూబులో ఉందనే అనుకుని నడుచుకోవాలి. ఒట్టి తొందరే అని తర్వాత తేలితే సంతోషం, పోయేది ఒక రక్తపరీక్ష ఖర్చు.

బాబాయ్ గారూ, గీత గురించి మీరు చెప్పింది నిజం, టైము దాటాక చూడకూడదు. ట్యూబులో ఉంటే కిట్‌లో రాదన్నది మాత్రం తప్పు. కిట్ పసిగట్టేది పిండం చుట్టూ ఉండే పొర విడుదల చేసే హార్మోన్‌ని. ఆ పొర ఎక్కడ అంటుకుందో మూత్రానికి తెలియదు. ట్యూబులో పెరిగేటప్పుడు హార్మోన్ నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి గీత పలచగా రావచ్చు. అంటే పలచ గీత మీద ఇంకొంచెం అనుమానమే పెట్టుకోవాలి. కిట్ పాజిటివ్ వచ్చిన మనిషికి ముట్టు వచ్చే మాత్ర వేయించడమంటే మనం చూడాల్సినదాని మీద దుప్పటి కప్పడమే.

బయట కనపడే రక్తం గురించి కూడా చెప్పాలి. అది ట్యూబులోంచి రావడం లేదు. గర్భసంచి లోపలి పొర గర్భం కోసం మందంగా తయారవుతుంది, హార్మోన్ చాలినంత లేకపోయేసరికి కొద్దికొద్దిగా రాలుతుంది, ఆ నిలవ రక్తమే డికాక్షన్ రంగు. ట్యూబు చిట్లితే పోయే రక్తం కడుపు లోపలికే పోతుంది. బయట బట్టకి అంటింది చెంచాడే అని ధైర్యం తెచ్చుకోవడానికి లేదు, లోపల లీటరు ఉండొచ్చు.

బాహుదా ఒడ్డు గారు చెప్పిన రాయి నొప్పి సాధారణంగా వీపు పక్కన మొదలై గజ్జల్లోకి దిగుతుంది, మనిషి ఒకచోట ఉండలేడు. అపెండిక్స్ అయితే చాలాసార్లు బొడ్డు దగ్గర మొదలై కుడి కిందకి వస్తుంది, తిండి మీద మనసుండదు. రెండూ ఆలోచించాల్సినవే. కానీ నెల తప్పిన ఆడమనిషి పొత్తికడుపు నొప్పి అంటే ముందు గర్భం సంగతి తేల్చి, ఆ తర్వాతే మిగతావి.

ల్యాబ్ టేబుల్ | 9.58

మేడమ్ చెప్పిన రక్తపరీక్ష పేరు బీటా హెచ్‌సీజీ, కిట్ పసిగట్టే ఆ హార్మోన్‌నే అంకెల్లో కొలుస్తుంది. చీటీ మీద "సీరం బీటా హెచ్‌సీజీ, అంకె కావాలి" అని రాయించుకోండి. కొన్నిచోట్ల రక్తంతో కూడా కిట్ వేసి పాజిటివ్ అని కాగితం ఇచ్చేస్తారు, అది మీకు పనికిరాదు.

ఒక్కసారి చేస్తే సగం కథే. రేపు పొద్దున తొమ్మిదికి ఇస్తే మళ్లీ సోమవారం పొద్దున తొమ్మిదికే ఇవ్వాలి. సరిగ్గా 48 గంటలు. అదే ల్యాబులో, అదే మిషను మీద. ఒకటి సోంపేటలో, ఇంకోటి బరంపురంలో ఇస్తే మిషన్ల తేడాకే అంకె అటూఇటూ అవుతుంది, అప్పుడు డాక్టర్లు దేన్ని నమ్మాలి? చిన్న ఊళ్లలో తీసిన రక్తం విశాఖ పంపిస్తారు, ఆదివారం బండి ఉండకపోవచ్చు. రేపు ఇచ్చేటప్పుడే రిపోర్టు ఎన్నింటికి వస్తుందో అడగండి.

రక్తం తీసేటప్పుడే గ్రూపు, హిమోగ్లోబిన్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా రాయించుకోండి. ఒకే సూదితో అయిపోతుంది.

గజపతినగరం | 10.10

నాకూ ఇదే! ఎడమ పక్క లాగుతోంది, నెల తప్పి తొమ్మిది రోజులు. అయితే నాకు ఆరేళ్ల కిందటే పిల్లల ఆపరేషన్ అయిపోయింది కాబట్టి గర్భం అన్నమాటే లేదు. గ్యాసే కదా? వాము నీళ్లు తాగుతున్నాను.

రాత్రి డ్యూటీ | 10.22

గజపతినగరం అక్కా, ఆపరేషన్ అయ్యాక గర్భం రావడం చాలా అరుదే, ఒప్పుకుంటాను. కానీ వచ్చినప్పుడు దాదాపు మూడింట ఒకటి ట్యూబులోనే ఉంటుంది. ముడి వేసిన చోట సన్నటి సందు మిగిలితే వీర్యకణం దూరుతుంది, పిండం దాటలేదు. కాపర్-టీ వేయించుకున్నవాళ్ల సంగతీ అంతే, గర్భం అసలు రాకుండా బాగానే కాపాడుతుంది, ఒకవేళ వస్తే మాత్రం ట్యూబులో ఉందేమోనని చూసుకోవాలి. మీరు ముందు కిట్ వేయండి, వాము తర్వాత.

వదిన గారికి. మీరు ఎటూ రెండు రోజులు ఎదురుచూడాలి. ఆ రెండు రోజులూ ఎలా గడుస్తాయన్నదే నా భయం. అందుకని రాత్రిపూట ఏం కనిపెట్టాలో రాస్తున్నాను.

పడుకుంటే భుజం కొసన నొప్పి అంటే అది నిద్రలో మెడ పట్టేయడం కాదు. కడుపులో చేరిన రక్తం పైకి పాకి ఊపిరితిత్తుల కింది పొరకి తగిలితే, ఆ నరం నొప్పిని భుజం దగ్గర చూపిస్తుంది. దొడ్డికి వస్తున్నట్టుండి, వెళితే ఏమీ రాకపోవడం ఇంకోటి. గర్భసంచి వెనక గుంటలో రక్తం నిలిచి పేగుని నొక్కుతుంటే అలా అనిపిస్తుంది. చాలామంది విరేచనాల మందు వేసుకుని ఇక్కడే పొరపాటు పడతారు. లేచి నిలబడితే కళ్లు తిరగడం, చెమటలు, మొహం పాలిపోవడం. నాడి నిమిషానికి వంద దాటడం. వీటిలో ఏ ఒక్కటి కనపడినా రిపోర్టు కోసం ఆగకండి.

బీపీ బాగుందని ఎవరైనా అంటే నమ్మి ఇంటికి రావద్దు. ఈ వయసువాళ్ల గుండె గట్టిది, రక్తం పోతున్నా వేగంగా కొట్టుకుంటూ బీపీని చాలాసేపు నిలబెడుతుంది. ముందు పరిగెత్తేది నాడి, ఆఖరున పడేది బీపీ. నొప్పి ఒక్కసారిగా చల్లబడితే కూడా మంచిదే అనుకోకండి. ఉబ్బిన ట్యూబు చిట్లాక బిగువు తగ్గి కాసేపు హాయిగా ఉండే వాళ్లున్నారు.

మందుల కొట్టు బాబాయ్ | 10.40

సరే, కిట్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒకటి అడుగుతాను. గర్భం వద్దనుకున్నవాళ్లు ఐదు మాత్రల ప్యాకెట్ వేసుకుంటారు కదా. ట్యూబులో ఉన్నా దాంతో పోదా? రక్తం బాగానే పోతుంది కదా.

గైనిక్ గది | 10.58

పోదు బాబాయ్ గారూ. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మా దగ్గరికి ఆలస్యంగా వచ్చేవాళ్లలో ఈ దారిన వచ్చేవాళ్లు ఉంటారు.

ఆ ప్యాకెట్‌లో మొదటి మాత్ర మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములు, మిగతా నాలుగూ మిసోప్రోస్టాల్ 200 మైక్రోగ్రాములవి. మొదటిది గర్భసంచి పొరని వదులు చేస్తుంది, మిగతావి గర్భసంచి కండరాన్ని బిగించి లోపల ఉన్నది బయటికి నెడతాయి. పనంతా గర్భసంచిలోనే. ట్యూబులో అంటుకున్నదాన్ని అవి కదిలించలేవు. కానీ ట్యూబులో గర్భం ఉన్నా గర్భసంచి పొర మందంగానే ఉంటుంది కదా, అది రాలి రక్తం పోతుంది, గడ్డలు పడతాయి, మెలితిప్పే నొప్పి వస్తుంది. ఇంట్లో అందరూ "అయిపోయింది" అనుకుంటారు. పది రోజుల తర్వాత పక్క నొప్పి వస్తే ఆ మాత్రల ప్రభావమే అనుకుంటారు. అందుకే డాక్టరు చూడకుండా ఆ ప్యాకెట్ ఇవ్వకూడదన్నది చట్టం, గర్భం సంచిలోనే ఉందని తేలాకే వాడాలన్నది వైద్యం. మీ కొట్టుకి వచ్చి అడిగేవాళ్లని ముందు ఒక్క మాట అడగండి: "గర్భం సంచిలోనే ఉందని ఎవరైనా చూసి చెప్పారా?"

నీడల బొమ్మ | 11.20

శ్రీకాకుళంలో స్కానింగ్ చూస్తాను. నిన్న స్కాన్ తీసినాయన్ని పూర్తిగా తప్పు పట్టలేను. నిండు మూత్రాశయంతో కడుపు మీంచి చూస్తే ట్యూబులు సరిగ్గా చిక్కవు, పేగుల్లో గాలి అడ్డమొస్తుంది. రిపోర్టులో "రెండు వారాల తర్వాత" అని రాసి వదిలేయడం మాత్రం నాకూ నచ్చలేదు. "గర్భం ఎక్కడుందో తెలియలేదు, బీటా హెచ్‌సీజీతో కలిపి చూడాలి" అని ఒక్క వరుస రాస్తే సరిపోయేది.

ఈసారి లోపలి స్కాన్ చేయించండి. దానికి మూత్రాశయం ఖాళీగా ఉండాలి, నీళ్లు తాగి వెళ్లకండి. డాక్టరు చీటీ, గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి. గర్భిణి స్కాన్ కదా, ఫారం-ఎఫ్ నింపాలి. మేం చూసేది గర్భసంచి ఒక్కటే కాదు. అండాశయానికీ గర్భసంచికీ మధ్య గారె ఆకారంలో, మధ్యలో చిల్లుతో తెల్లటి ఉంగరంలాంటిది ఉందా? ప్రోబ్‌తో మెల్లగా నెడితే అది అండాశయంతో కలిసి కదులుతుందా, విడిగా జారుతుందా? విడిగా జారితే ట్యూబే అని అనుమానం బలపడుతుంది. అండాశయంలోనే ఉంటే అండం విడుదలైన చోట ఏర్పడ్డ మామూలు బుడగ కావచ్చు, అది ప్రతి గర్భంలోనూ ఉండేదే. వెనక గుంటలో నీరు ఉందా, అది నల్లగా తేటగా ఉందా, బూడిద మసకగా ఉందా చూస్తాం. మసక అంటే రక్తం.

ఇంకోటి, గర్భసంచి మధ్యలో కాస్త నీరు నిలిచి పిండం తిత్తిలాగే మోసం చేసే కేసులుంటాయి. లోపల పచ్చసొన సంచి కనపడేదాకా "గర్భం గర్భసంచిలోనే ఉంది" అని నేను సంతకం పెట్టను.

బీటా 1500 దాటాక లోపలి స్కాన్‌లో పిండం తిత్తి కనపడకపోతే ట్యూబనే అనుకోవాలని మేం నేర్చుకున్నాం.

గైనిక్ గది | 11.35

నీడల బొమ్మ గారూ, ఆ 1500 దగ్గర మీతో విభేదిస్తాను. ఒకే ఒక్క అంకె చూసి ట్యూబని తేల్చి మందు పొడిస్తే, కావాలనుకున్న మంచి గర్భం పోయే ప్రమాదం ఉంది. కవలలైతే అంకె ఎక్కువగా ఉండి తిత్తి ఇంకా కనపడకపోవచ్చు. అందుకే ఇప్పుడు గీతని 3500 దాకా జరపమంటున్నారు.

నీడల బొమ్మ | 11.41

3500 దాకా ఎదురుచూస్తే ఆలోపు చిట్లేవాళ్ల సంగతి? 500 దగ్గర కూడా చిట్లినవి ఉన్నాయి కదా మేడమ్.

గైనిక్ గది | 11.49

ఉన్నాయి. అందుకే ఎదురుచూడమనడం లేదు, మందు ఇచ్చేయొద్దంటున్నాను. నొప్పి పెరిగినా, కడుపులో రక్తం కనపడినా అంకెతో పని లేదు. బాగున్న మనిషికి మాత్రం 48 గంటల తేడా చూడాలి. మొదటి అంకె 1500 లోపుంటే మంచి గర్భంలో కనీసం 49 శాతం పెరుగుతుంది. 1500 నుంచి 3000 మధ్య ఉంటే కనీసం 40 శాతం, ఆపైన 33. అంతకన్నా తక్కువ పెరిగితే అది గట్టి గర్భం కాదు, సంచిలో చెడినదో ట్యూబులోదో. సగానికి పైగా పడిపోతే ఎక్కడున్నా వాడిపోతున్నట్టే లెక్క, అయినా మొత్తం పోయేదాకా కనిపెట్టాలి.

వదిన గారూ, ఈ రెండు రోజులూ పల్లెలో వద్దు. అర్ధరాత్రి అక్కణ్ణుంచి శ్రీకాకుళం అంటే రెండు గంటల దారి. బరంపురమే మీకు దగ్గర. ఎటైనా సరే, ఆపరేషన్ థియేటరూ రక్తమూ రాత్రిపూట దొరికే చోటుకి దగ్గర్లో ఉంచండి.

సోంపేట వదిన | శనివారం మధ్యాహ్నం 3.15

పొద్దున ఎనిమిదికి బయల్దేరి శ్రీకాకుళం తీసుకొచ్చీసాం, మా పెద్దమ్మగారింట్లో ఉన్నాం. అత్తగారు కోప్పడ్డారు గానీ మా మావయ్యగారే బండి ఎక్కించారు. రక్తం తొమ్మిదికి కుదరలేదు, పదకొండుకి ఇచ్చాం. బీటా 1840. గ్రూపు ఓ నెగెటివ్. హిమోగ్లోబిన్ 10.4. క్రియాటినిన్ 1.3 అని పక్కన చుక్క పెట్టారు. లోపలి స్కాన్‌లో గర్భసంచిలో ఏమీ లేదు, పొర 11 మిల్లీమీటర్లు. కుడి పక్క ఏదో ఉన్నట్టుంది గానీ అండాశయంలోదో బయటిదో తేలలేదన్నారు. వెనక కొంచెం నీరు. డాక్టరుగారు సోమవారం మళ్లీ బీటా అన్నారు. నొప్పి నిన్నటిలాగే. నాడి 84.

ల్యాబ్ టేబుల్ | 3.40

అయితే సోమవారం కూడా పదకొండుకే ఇవ్వండి. రెండు గంటలు ముందో వెనకో అయితే కొంపలు మునగవు, కానీ చీటీ మీద టైము రాయించండి.

రాత్రి డ్యూటీ | 4.02

ఓ నెగెటివ్ అని ఇప్పుడే తెలియడం మంచిదయింది. ఆ గ్రూపు రక్తం అర్ధరాత్రి అడిగితే ఎక్కడా తొందరగా దొరకదు. ఈరోజే బ్లడ్ బ్యాంకులో అడిగి, మీ చుట్టాల్లో అదే గ్రూపు ఇద్దరి ఫోన్ నెంబర్లు రాసిపెట్టుకోండి. ఆమె భర్తది పాజిటివ్ గ్రూపైతే, ఏ దారిన వైద్యం జరిగినా 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజక్షన్ పడాలి. పాప పుట్టినప్పుడు వేసుంటారు, అప్పుడు వేశారు కదా అని ఇప్పుడు మానేయకూడదు.

గజపతినగరం | 5.30

కిట్ వేశాను, ఒక్కటే గీత. భోజనాలయ్యాక వేశాను. ఇక నిశ్చింతేనా?

ల్యాబ్ టేబుల్ | 5.44

అమ్మా, మధ్యాహ్నం చెంబెడు వాము నీళ్లు తాగి వేస్తే మూత్రం పలచబడి గీత రాకపోవచ్చు. రేపు పొద్దున లేవగానే వచ్చిన దానితో వేయండి. నొప్పి ఉంది కాబట్టి రక్తంలో బీటా ఒక్కసారి చూస్తే మంచిది. 5 లోపుంటే గర్భం గొడవ లేనట్టే.

సోంపేట వదిన | సోమవారం సాయంత్రం 6.20

రెండో బీటా 2310. నిన్న రాత్రి నుంచి నొప్పి కాస్త ఎక్కువ. నడిస్తే కుడి పక్క పట్టుకుంటోంది. మళ్లీ లోపలి స్కాన్ చేశారు, అండాశయం పక్కన విడిగా 24 మిల్లీమీటర్ల గడ్డ, గుండె చప్పుడు లేదు. వెనక నీరు మొన్నటికన్నా ఎక్కువ, మసకగా ఉందన్నారు. ట్యూబులోనే అని చెప్పారు. చేర్చుకున్నారు.

ఒక డాక్టరు ఇంజక్షన్‌తో కరిగించొచ్చు అన్నారు, పెద్ద డాక్టరు ఆపరేషనే అంటున్నారు. మా తమ్ముడు (ఆమె భర్తే, మేం అలాగే పిలుస్తాం) కోత లేకుండా అవుతుందంటే అదే చేయించండి అంటున్నాడు. ఏది మేలు?

గైనిక్ గది | 6.48

1840 నుంచి 2310 అంటే పెరిగింది 470, పాతికశాతం. కనీసం నలభై ఉండాల్సిన చోట. స్కాన్‌తో కలిపితే ఇక అనుమానం లేదు.

ఇంజక్షన్ అంటే మెథోట్రెక్సేట్. వేగంగా విడిపోయే కణాలని ఆపే మందు. ఒంటి విస్తీర్ణం చదరపు మీటరుకి 50 మిల్లీగ్రాముల లెక్కన కండకి ఇస్తారు. 52 కిలోల బరువు, 152 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే విస్తీర్ణం 1.48 వస్తుంది, అంటే 74 మిల్లీగ్రాములు. నాలుగో రోజు, ఏడో రోజు బీటా చూస్తారు. ఆ రెండింటి మధ్య 15 శాతమైనా తగ్గాలి, లేకపోతే ఇంకో డోసో ఆపరేషనో. ఆ తర్వాత వారం వారం, పూర్తిగా పోయేదాకా. బీటా 5000 లోపు, గడ్డ మూడున్నర సెంటీమీటర్ల లోపు, గుండె చప్పుడు లేకుండా, నొప్పి పెద్దగా లేకుండా, మళ్లీ మళ్లీ రాగలిగిన మనిషైతే అది మంచి దారే. అంకెలు మాత్రం చూస్తే మీ అమ్మాయికి సరిపోతుంది, అందుకే ఆ డాక్టరు అలా అని ఉంటారు.

నా చూపు మాత్రం మూడు చోట్ల ఆగింది. నొప్పి పెరుగుతోంది. రక్తం పెరుగుతోంది. మూడోది క్రియాటినిన్ 1.3. 27 ఏళ్ల అమ్మాయికి అది చిన్న అంకె కాదు, లెక్క కడితే కిడ్నీ వడపోత 60కి లోపే వస్తుంది. మెథోట్రెక్సేట్ బయటికి పోయేది కిడ్నీల గుండానే. అవి నెమ్మదిగా ఉంటే మందు ఒంట్లో నిలిచి నోట్లో పుళ్లు, తెల్లకణాలు పడిపోవడం. వేరే జిల్లావాళ్లయితే ల్యాబు తప్పేమో అనుకుని ఇంకోసారి చూసేవాళ్లం. కంచిలి మనిషి అంటున్నారు కదా, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు ఆ అంకెని తేలిగ్గా తీసుకోలేం. పెద్ద డాక్టరు మాట నాకు సబబుగా ఉంది, మంచం దగ్గర ఉన్నవాళ్లదే ఆఖరి మాట అనుకోండి.

బాహుదా ఒడ్డు | 7.05

నేను మొదట్లో ఉలవల నీళ్లు అన్నాను. ఆ మాట తీసేయమంటే తీసేస్తాను. అయితే కిడ్నీ మాట పూర్తిగా తప్పు కాలేదన్నమాట!

నీడల బొమ్మ | 7.12

కిడ్నీ ఉంది, రాయి లేదు. తీసేయొద్దులెండి, చదివేవాళ్లకి పనికొస్తుంది.

రాత్రి డ్యూటీ | 7.30

వదిన గారూ, ఏఎన్‌ఎం ఇచ్చిన ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటోందా? ఇంజక్షనే అని మనసు మార్చుకుంటే అవి ఆపాలి, ఆ మందుకి ఇవి ఎదురు. నొప్పికని డైక్లోఫెనాక్ మాత్రం ఎవరు చెప్పినా వద్దు, కిడ్నీ సంగతి చూశారుగా. ఇక ఇప్పటి నుంచి నోటికి ఏమీ ఇవ్వకండి, టీ కూడా.

గజపతినగరం | 8.15

నా బీటా 2 కన్నా తక్కువని వచ్చింది. స్కాన్‌లో ఎడమ అండాశయంలో ఐదు సెంటీమీటర్ల నీటి బుడగ అట. నెల తప్పింది దానివల్లేనట.

గైనిక్ గది | 8.24

మంచిది. ఆరు వారాలకి మళ్లీ స్కాన్ చేయించండి, చాలావరకు తగ్గిపోతాయి. ఈలోపు ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతులు వస్తే బుడగ బరువుకి అండాశయం మెలిపడిందేమో చూడాలి, అప్పుడు గంటల్లో వెళ్లాలి.

సోంపేట వదిన | బుధవారం ఉదయం 10.05

మంగళవారం తెల్లవారుజామునే కెమెరా ఆపరేషన్ చేశారు. కుడి ట్యూబు ఉబ్బి కొసన చిన్న చిరుగు, కడుపులో పావు లీటరు దాకా రక్తం. రెండో ట్యూబు బాగుందని ఇది తీసేశారు. రక్తం ఎక్కించలేదు, హిమోగ్లోబిన్ 9.6. యాంటీ-డి వేశారు. కూర్చుని ఇడ్లీ తింది. క్రియాటినిన్ మళ్లీ 1.3 వచ్చింది, కిడ్నీ డాక్టరుకి చూపించమన్నారు.

ట్యూబు కోసి గర్భం మాత్రం తీసి ట్యూబు ఉంచేయొచ్చు కదా అని మా తమ్ముడు అడుగుతున్నాడు. తొందరపడ్డామా?

గైనిక్ గది | 10.50

రెండో ట్యూబు బాగున్నప్పుడు తీసేయడమే చాలామంది చేస్తారు. ఉంచితే ముక్క మిగిలి హార్మోన్ మళ్లీ పెరగొచ్చు, వారం వారం బీటా చూడాలి, ఆ మచ్చ పడ్డ చోటే మళ్లీ ఇరుక్కోవచ్చు. రెండో ట్యూబు పాడైన అమ్మాయి అయితే నేనూ ఉంచడానికే చూసేదాన్ని.

తీసేశారు కాబట్టి మూడు వారాలకి ఇంట్లో కిట్ వేయండి, ఒకే గీత రావాలి. రెండు గీతలొస్తే బీటా చేయించాలి. మళ్లీ గర్భం వస్తే ఇంకోసారి ట్యూబులో వచ్చే అవకాశం సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుంది. అందుకని అప్పుడు నెల తప్పగానే కిట్, నొప్పి ఉన్నా లేకపోయినా ఆరు, ఏడు వారాల మధ్య లోపలి స్కాన్. అంతకన్నా ముందే కిడ్నీ సంగతి తేల్చుకోండి. మూడు నెలలు దాటాక మళ్లీ క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూస్తే అది తాత్కాలికమో, పాతదో తెలుస్తుంది.

మందుల కొట్టు బాబాయ్ | 11.30

నిన్న ఒకమ్మాయి ఐదు మాత్రల ప్యాకెట్ అడిగింది. మీరు చెప్పిన ప్రశ్న వేశాను. చూపించుకోలేదంది, ఇవ్వలేదు. పక్క వీధి కొట్లో కొనుక్కుని వెళ్లిపోయింది. దానికేం చెయ్యమంటారు మేడమ్?